కారు మీటర్‌లో వెలిగిన లైట్ల కన్నా వెలగని లైటే ఎందుకు ముఖ్యం?

పుణెలో నర్సుగా పనిచేస్తున్న మా పిన్ని కూతురు ఈ మధ్యే ఒక సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుంది. 2017 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నైట్ డ్యూటీ అయ్యాక తెల్లవారుజామున ఆటో కోసం రోడ్డు మీద నిలబడాల్సిన అవసరం ఉండదని దాచుకున్న డబ్బుతో కొంది.

కారు ఇంటికొచ్చిన రోజు సాయంత్రమే వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. స్టీరింగ్ వెనక ఉండే మీటర్ ఫొటో అది. దాన్నిండా ఎరుపు, పసుపు గుర్తులు వెలుగుతున్నాయి. కింద ఒకే వాక్యం: ‘‘అక్కా, ఇన్ని లైట్లు వెలుగుతున్నాయి, నేను మోసపోయానా?’’

నేను ఆటోమొబైల్ కంపెనీల వార్తలు కొన్నేళ్లు రాశాను. అందుకే ఇంట్లో ఎవరు కారు కొన్నా ఇలాంటి ఫొటోలు నాకే వస్తాయి. ఆమెను ముందు లైట్ల గురించి అడగలేదు. ‘‘ఆర్‌పీఎం ముల్లు ఎక్కడుందో చూడు’’ అన్నాను. ముల్లు సున్నా మీద ఉంది. అంటే తాళం తిప్పింది కానీ ఇంజిన్ స్టార్ట్ చేయలేదు.

‘‘అయితే ఆ లైట్లు వెలగడం మంచిదే. వెలగకపోతేనే భయపడాలి’’ అని చెప్పాను. అప్పటికి మాట వరసకే అన్నాను. అదే ఫొటోలో వెలగాల్సిన లైటు ఒకటి నిజంగానే వెలగలేదని పది నిమిషాల తర్వాత గానీ నాకు తట్టలేదు.

తాళం తిప్పగానే అన్ని లైట్లూ ఎందుకు వెలుగుతాయి?

తాళాన్ని ‘ఆన్’ స్థానానికి తిప్పినప్పుడు, ఇంజిన్ ఇంకా తిరగకముందే, కారులోని కంప్యూటర్లు తమను తాము పరీక్షించుకుంటాయి. ఆ సమయంలో హెచ్చరిక లైట్లన్నీ ఒకసారి వెలుగుతాయి. రేపు ఏదైనా లోపం వస్తే చెప్పాల్సింది ఆ లైటే కాబట్టి, అది పనిచేస్తోందని కారు ముందుగా మనకు చూపిస్తోందన్నమాట.

బటన్‌తో స్టార్ట్ అయ్యే కార్లలో బ్రేక్ మీద గానీ క్లచ్ మీద గానీ కాలు పెట్టకుండా బటన్‌ను రెండుసార్లు నొక్కితే సాధారణంగా ఈ స్థితి వస్తుంది.

వెలిగిన లైట్లన్నీ ఒకేసారి ఆరవు. ఏది ఎప్పుడు ఆరుతుందో తెలిస్తే ఫొటోను చదవడం సులువు.

మొదటి రకం లైట్లు ఇంజిన్ స్టార్ట్ చేయకపోయినా వాటంతటవే ఆరిపోతాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు ఈ రకానివి. పరీక్షలో లోపం కనిపించకపోతే కొన్ని సెకన్లలో ఆరిపోతాయి. చాలా కార్లలో ఏబీఎస్ లైటు మూడు సెకన్లలోపు, ఎయిర్‌బ్యాగ్ లైటు ఆ తర్వాత ఇంకో రెండు మూడు సెకన్లకు ఆరుతాయి.

రెండో రకం లైట్లు ఇంజిన్ తిరిగితేనే ఆరుతాయి. బ్యాటరీ గుర్తు, నూనె చుక్క కారుతున్న డబ్బా గుర్తు, ఇంజిన్ ఆకారంలో ఉండే పసుపు గుర్తు, చాలా కార్లలో ఈపీఎస్ అనే స్టీరింగ్ లైటు ఇందులోకి వస్తాయి. ఇంజిన్ తిరగకపోతే ఆయిల్ పంపు పనిచేయదు, ఆల్టర్నేటర్ కరెంటు పుట్టించదు. కాబట్టి ఆ లైట్లు వెలుగుతూ ఉండటం సహజం.

మూడో రకం లైట్లు మనం ఏదో ఒకటి చేస్తేనే ఆరుతాయి. హ్యాండ్ బ్రేక్ దించాలి, సీటు బెల్టు పెట్టుకోవాలి, తలుపు సరిగ్గా వేయాలి.

మా చెల్లి పంపిన మొదటి ఫొటోలో బ్యాటరీ, ఆయిల్, బ్రేక్, సీటు బెల్టు గుర్తులు ఎర్రగా వెలుగుతున్నాయి. ఇంజిన్, ఏబీఎస్, ఈపీఎస్ పసుపు రంగులో ఉన్నాయి. మొత్తం ఏడు లైట్లు. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఒక నిమిషం ఆగి ఇంకో ఫొటో తీయమన్నాను.

రెండో ఫొటోలో ఏముంది?

ఆర్‌పీఎం ముల్లు వెయ్యికి కాస్త దగ్గరగా ఉంది. బ్యాటరీ, ఆయిల్, ఇంజిన్, ఏబీఎస్, ఈపీఎస్ లైట్లు ఆరిపోయాయి. బ్రేక్, సీటు బెల్టు లైట్లు మాత్రం ఉన్నాయి. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంది, బెల్టు పెట్టుకోలేదు కాబట్టి అవి ఉండాల్సినవే. వాటితో పాటు మొదటి ఫొటోలో నా కంట పడని నీలం గుర్తు ఒకటి ఉంది. నీళ్లలో ముంచిన థర్మామీటర్‌లా ఉంటుంది ఆ గుర్తు.

‘‘ఈ నీలం లైటు ఏంటి? నీళ్లు అయిపోయాయా?’’ అని అడిగింది.

చాలా చిన్న కార్లలో ఇప్పుడు ఇంజిన్ వేడిని చూపే ముల్లు ఉండదు. దాని బదులు ఒకే గుర్తు రెండు రంగుల్లో వస్తుంది. నీలంగా ఉంటే ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని అర్థం. కొన్ని నిమిషాలు నడిపాక అదే ఆరిపోతుంది. అప్పటిదాకా యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కకుండా నడిపితే చాలు. అదే గుర్తు ఎర్రగా మారితే మాత్రం ఇంజిన్ మితిమీరి వేడెక్కిందని అర్థం.

అంతా సవ్యంగానే ఉందని చెప్పి ఫోన్ పెట్టేయబోయాను. రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేడాగా అనిపించింది. మొదటి ఫొటోలో ఎయిర్‌బ్యాగ్ గుర్తు లేదు. బెల్టు పెట్టుకుని కూర్చున్న మనిషి ముందు పెద్ద బంతి ఉన్నట్టుండే గుర్తు అది.

దాని దగ్గరకు వచ్చే ముందు, రెండో ఫొటోలో ఆరిపోయిన లైట్లు రేపు రోడ్డు మీద మళ్లీ వెలిగితే ఏం చేయాలో చూద్దాం. ఫోన్‌లో ఆమెకు ఈ వరుసలోనే చెప్పాను.

ఎరుపు వెలిగితే బండి ఆపాలి, కానీ అన్ని ఎరుపులూ ఒకటి కావు

ఈ గుర్తులు ఏ కంపెనీ కారులోనైనా దాదాపు ఒకేలా ఉంటాయి. ఐఎస్‌ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం వీటి ఆకారాలను నిర్ణయిస్తుంది. ఎరుపు అంటే ప్రమాదం, పసుపు అంటే లోపం ఉంది చూపించుకోండి అని, ఆకుపచ్చ, నీలం అంటే ఏదో ఒకటి ఆన్‌లో ఉందని సమాచారం. హెడ్‌లైట్ హై బీమ్‌కు నీలం రంగు ఉండేది అందుకే.

ఎరుపులో అన్నిటికన్నా తక్కువ వ్యవధి ఇచ్చేది ఆయిల్ గుర్తు. ఇది ఆయిల్ ఎంత ఉందో చెప్పే లైటు అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది చెప్పేది ఆయిల్ పీడనం గురించి. ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ అనే ఇరుసు బేరింగులకు నేరుగా తగలకుండా ఒక పలుచని ఆయిల్ పొర మీద తిరుగుతుంది. ఆ పొర నిలవాలంటే పీడనం కావాలి.

చాలా కార్లలో ఈ లైటు వెలిగించే స్విచ్ దాదాపు అర బార్ లేదా అంతకన్నా తక్కువ పీడనం దగ్గర పనిచేస్తుంది. టైరులో గాలి కొట్టించుకునే లెక్కలో చెప్పాలంటే అది ఏడు పీఎస్‌ఐ లోపు. అంటే పీడనం దాదాపు పోయాకే ఈ లైటు వెలుగుతుంది. ఇంటి దాకా వెళ్లి చూద్దాం అనుకోవడానికి వీల్లేదు. బండిని పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయాలి.

తర్వాత చదును నేల మీద కొన్ని నిమిషాలు ఆగి, డిప్ స్టిక్ తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. ఆయిల్ కింది గీత కన్నా తక్కువగా ఉంటే సరైన గ్రేడు ఆయిల్ పోసి స్టార్ట్ చేసి చూడవచ్చు. లైటు ఆరిపోతే నెమ్మదిగా గ్యారేజీకి వెళ్లి, ఆయిల్ ఎందుకు తగ్గిందో చూపించుకోవాలి. రెండు గీతల మధ్య సరిపడా ఆయిల్ ఉండి కూడా లైటు వెలుగుతుంటే మళ్లీ స్టార్ట్ చేయకూడదు. స్విచ్ పాడై ఉండవచ్చు, పంపే పాడై ఉండవచ్చు. ఏది నిజమో రోడ్డు పక్కన తేల్చలేం. టోయింగ్ బండి పిలవడమే చవక.

ఎర్ర థర్మామీటర్ గుర్తు వెలిగినా ఆపాల్సిందే. ఏసీ తీసేసి, నీడలో ఆపి, ఇంజిన్ పూర్తిగా చల్లారే వరకు ఆగాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకూడదు. లోపల ఒత్తిడిలో ఉన్న వేడి నీరు ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

బ్యాటరీ గుర్తు కాస్త వ్యవధి ఇస్తుంది. పేరుకు బ్యాటరీ బొమ్మే అయినా చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు, దాన్ని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ది లేదా దాన్ని తిప్పే బెల్టుది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మంచి బ్యాటరీలో 12.6 వోల్టులు ఉంటుంది. ఇంజిన్ తిరుగుతుంటే సాధారణంగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఆ పెరుగుదల లేదంటే కారు బ్యాటరీలో మిగిలిన కరెంటు మీద నడుస్తోంది. ఏసీ, పాటలు ఆపేసి, మధ్యలో ఇంజిన్ ఆపకుండా దగ్గరి గ్యారేజీకి వెళ్లవచ్చు. కానీ కొన్ని ఇంజిన్లలో అదే బెల్టు నీటి పంపునూ తిప్పుతుంది. బ్యాటరీ గుర్తుతో పాటు ఎర్ర థర్మామీటర్ కూడా వెలిగితే బెల్టు తెగిందని అనుమానించి అక్కడికక్కడే ఆగిపోవాలి.

ఇక వృత్తంలో ఆశ్చర్యార్థకం ఉండే ఎర్ర బ్రేక్ గుర్తు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించినా ఇది ఆరకపోతే బ్రేక్ ఆయిల్ తగ్గి ఉండవచ్చు. బానెట్ కింద ఉండే చిన్న తెల్ల డబ్బాలో ఆయిల్ కింది గీతకు దిగిందేమో చూడాలి. బ్రేక్ ప్యాడ్లు అరిగే కొద్దీ అందులోని ఆయిల్ కొంత కిందికి దిగుతుంది. కాబట్టి ఊరికే ఆయిల్ పోసి లైటు ఆర్పేస్తే ప్యాడ్లు అరిగిన సంగతి మరుగున పడుతుంది. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే లీకేజీ ఉన్నట్టే, ఆ బండిని నడపకూడదు.

ఇంజిన్ గుర్తు: నిలకడగా ఉందా, మెరుస్తోందా?

పసుపు రంగులో ఉండే ఇంజిన్ గుర్తును చూసి కొత్తవాళ్లు బాగా కంగారు పడతారు, పాతవాళ్లు అసలు పట్టించుకోరు. ఈ గుర్తు విషయంలో చూడాల్సింది ఒక్కటే, అది నిలకడగా వెలుగుతోందా, ఆగి ఆగి మెరుస్తోందా అని. ఈ తేడాను ఫొటో చూపించలేదు.

నిలకడగా వెలుగుతూ, కారు మామూలుగానే నడుస్తుంటే, ఏదో సెన్సర్‌లోనో పొగ నియంత్రణ వ్యవస్థలోనో లోపం నమోదైందని అర్థం. ఆ రోజుకు ఇంటికి వెళ్లి, ఒకట్రెండు రోజుల్లో స్కాన్ చేయించుకోవచ్చు.

మెరుస్తుంటే మాత్రం ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండటం లేదని. మెకానిక్‌లు దీన్ని మిస్‌ఫైర్ అంటారు. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. ఆ వేడికి కన్వర్టర్ కరిగి పాడవుతుంది. ప్లగ్గో కాయిలో మారిస్తే పోయే ఖర్చు, అలాగే నడిపితే ఎన్నో రెట్లు పెరుగుతుంది. వేగం తగ్గించాలి, మెరుపు ఆగకపోతే బండి ఆపాలి. స్కానర్ పెడితే P0301 లాంటి కోడ్ వస్తుంది. చివరి అంకె ఎన్నో సిలిండర్‌లో తేడా ఉందో చెబుతుంది.

రెండు ఫొటోలను కలిపి చదివితే

ఇప్పుడు మళ్లీ మొదటి ఫొటో దగ్గరకు వద్దాం. ఎయిర్‌బ్యాగ్ గుర్తు కనిపించకపోవడానికి మామూలు కారణాలు రెండు ఉండవచ్చు.

ఒకటి, ఆ కారులో అసలు ఎయిర్‌బ్యాగ్ లేకపోవడం. భారత్‌లో కొత్త కార్లకు డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచే తప్పనిసరి అయింది. అంతకుముందు చాలా మోడళ్లలో ఖరీదైన వేరియంట్‌లకే అది ఉండేది. 2017 కారు కాబట్టి లేకపోయినా ఆశ్చర్యం లేదు. స్టీరింగ్ మధ్యలో ఏం రాసి ఉందో చూడమన్నాను. అక్కడ ఎయిర్‌బ్యాగ్ అని అక్షరాలు చెక్కి ఉన్నాయి. పక్క సీటు ముందు డ్యాష్‌బోర్డు మీద కూడా ఉన్నాయి. కాబట్టి ఆ కారణం కాదు.

రెండు, ఆమె ఫొటో తీసే సరికి లైటు వెలిగి ఆరిపోయి ఉండటం. ఇక్కడే ఏబీఎస్ లైటు సాక్ష్యం చెప్పింది. రెండో ఫొటోలో ఏబీఎస్ లైటు లేదు, అంటే అది సవ్యంగా పనిచేస్తోంది, పరీక్ష అయ్యాక ఆరిపోతోంది. మొదటి ఫొటోలో మాత్రం ఇంకా వెలుగుతోంది. అంటే ఆ ఫొటో తాళం తిప్పిన మొదటి రెండు మూడు సెకన్లలో తీసినది. సాధారణంగా ఏబీఎస్ కన్నా ఆలస్యంగా ఆరే ఎయిర్‌బ్యాగ్ లైటు ఆ సమయానికి వెలుగుతూ ఉండాలి. కానీ లేదు.

ఊహ మీద తేల్చలేం కాబట్టి వీడియో తీయమన్నాను. తాళం పూర్తిగా ఆపి, ఒక నిమిషం ఆగి, ఫోన్‌లో రికార్డింగ్ మొదలుపెట్టాక తాళం ‘ఆన్’కు తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా పది సెకన్లు అలాగే ఉంచమన్నాను. వీడియోలో ఏబీఎస్ లైటు వెలిగి, మూడు లెక్కపెట్టేలోపు ఆరిపోయింది. ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉండాల్సిన చోటు మొదటి నుంచి చివరి దాకా నల్లగానే ఉంది.

‘‘లైటు వెలగకపోతే అంతా బాగున్నట్టే కదక్కా?’’ అంది.

కాదు. వెలిగి ఆరిపోతే బాగున్నట్టు. వెలిగి ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే, లోపం ఉందో లేదో చెప్పే దారే మూసుకుపోయినట్టు.

మీటర్ వెనక ఏం దొరికింది?

మర్నాడు ఆమె డ్యూటీ అయ్యాక ఆస్పత్రి దగ్గర్లోని ఒక గ్యారేజీకి వెళ్లింది. తన దగ్గరున్న చిన్న బ్లూటూత్ స్కానర్‌తో చూసుకుంటే ఏ కోడూ రాలేదని మెకానిక్‌కు చెప్పింది. అందులో వింత లేదు. చవకగా దొరికే చాలా స్కానర్లు ఇంజిన్ కంప్యూటర్‌తో మాత్రమే మాట్లాడతాయి. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ వేరే ఉంటుంది. దాన్ని చదవాలంటే ఆ కంపెనీ కార్లకు పనికొచ్చే వర్క్‌షాప్ స్కానర్ కావాలి.

ఆ స్కానర్ పెట్టగానే డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో లోపం అని వచ్చింది. మీటర్ విప్పి చూస్తే ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెనక చిన్న ఎల్‌ఈడీ మీద నల్ల టేపు ముక్క అతికించి ఉంది. లైటు వెలుగుతూనే ఉంది, బయటికి కనిపించడం లేదు, అంతే. టేపు తీసి మీటర్ బిగించాక ఎర్రగా వెలిగిన ఆ గుర్తు ఇక ఆరలేదు.

మెకానిక్ తర్వాతి ప్రశ్న విచిత్రంగా అనిపించిందట. ‘‘హారన్ ఎప్పుడైనా మోగకుండా పోతుందా?’’ అని అడిగాడు. స్టీరింగ్ ఒకవైపు తిప్పినప్పుడు మోగదని, పాత కారు కదా అని తాను పట్టించుకోలేదని ఆమె చెప్పింది.

దాంతో లోపం ఎక్కడుందో దాదాపు తేలిపోయింది. స్టీరింగ్ ఎటు తిప్పినా తీగలు తెగకుండా ఉండటానికి దాని వెనక గడియారం స్ప్రింగులా చుట్టిన ఒక పలుచని రిబ్బన్ కేబుల్ ఉంటుంది. దాన్ని స్పైరల్ కేబుల్ లేదా క్లాక్ స్ప్రింగ్ అంటారు. హారన్‌కూ, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్‌కూ కరెంటు దాని గుండానే వెళ్తుంది. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి ఆ రిబ్బన్ చిట్లుతుంది. హారన్ అప్పుడప్పుడు మోగకపోవడం, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగడం రెండూ కలిసి వస్తే ముందుగా అనుమానించేది దాన్నే.

రిబ్బన్ తెగితే ఢీకొన్న క్షణంలో ఎయిర్‌బ్యాగ్‌ను తెరిచే కరెంటు దానికి చేరదు. అంతకుముందు ఎవరో ఆ కేబుల్ మార్చించే బదులు లైటుకు టేపు వేశారు. అమ్మిన డీలర్‌ను అడిగితే తమకు ఆ సంగతి తెలియదన్నారు. టేపు వేసింది వాళ్లో, వాళ్లకు అమ్మిన వాళ్లో తేల్చే ఆధారం మా దగ్గర లేదు.

కేబుల్ మార్చాక లైటు ఐదు సెకన్లు వెలిగి ఆరిపోయింది. హారన్ కూడా ఎటు తిప్పినా మోగుతోంది.

ఈ పని మాత్రం ఎవరికి వారు చేసుకునేది కాదు. ఎయిర్‌బ్యాగ్ తీగల కనెక్టర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి, ముట్టుకోవద్దని చెప్పడానికే ఆ రంగు. మల్టీమీటర్ పెట్టి పరీక్షించబోతే ఆ కొద్దిపాటి కరెంటుకే ఎయిర్‌బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది. తెలిసిన మెకానిక్ ముందుగా బ్యాటరీ తీగ తీసి, కంప్యూటర్‌లో నిల్వ ఉన్న కరెంటు పోయేదాకా కొన్ని నిమిషాలు ఆగి అప్పుడు చేయి పెడతాడు.

టేపు కన్నా తెలివైన మోసాన్ని ఎలా పట్టుకోవాలి?

టేపు వేస్తే లైటు అసలు వెలగదు కాబట్టి జాగ్రత్తగా చూసేవాళ్లు పట్టేస్తారు. అందుకే కొందరు ఇంకో పని చేస్తారు. పాత తరహా మీటర్లలో ఎయిర్‌బ్యాగ్ లైటు తీగను తీసి ఆయిల్ లైటుకో బ్యాటరీ లైటుకో కలుపుతారు. అప్పుడు తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలుగుతుంది, ఇంజిన్ స్టార్ట్ కాగానే ఆరిపోతుంది. చూసేవారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

దీన్ని పట్టుకునే మార్గం పైన చెప్పుకున్న వరుసలోనే ఉంది. ఎయిర్‌బ్యాగ్ లైటు ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే తనంతట తాను ఆరాలి. తాళం ‘ఆన్’లో పెట్టి పదిహేను సెకన్లు ఆగండి. అప్పటికీ బ్యాటరీ, ఆయిల్ గుర్తులతో పాటు ఎయిర్‌బ్యాగ్ గుర్తు కూడా వెలుగుతూ, ఇంజిన్ తిరగ్గానే మూడూ ఒకేసారి ఆరిపోతే ఆ కారు కొనే ముందు వర్క్‌షాప్‌లో స్కాన్ చేయించండి. సెకండ్ హ్యాండ్ కారు చూపించేటప్పుడు ఇంజిన్ ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఈ పరీక్షకు అవకాశమే ఉండదు. ఆపించి, మీరే తాళం తిప్పి చూడండి.

ఇంజిన్ లైటు విషయంలో టేపు కూడా అక్కర్లేదు. స్కానర్‌తో కోడ్లను చెరిపేస్తే లైటు ఆరిపోతుంది. లోపం అలాగే ఉంటే అది మళ్లీ వెలగడానికి కొన్ని రోజులు, కొన్ని ప్రయాణాలు పట్టవచ్చు. ఆ లోగా కారు చేతులు మారిపోతుంది.

అయితే చాలా కార్లలో కంప్యూటర్ ఆ చెరిపివేతను కూడా గుర్తు పెట్టుకుంటుంది. మామూలు బ్లూటూత్ స్కానర్ యాప్‌లో కూడా Distance since codes cleared అనే వరుస కనిపించవచ్చు. కోడ్లు చెరిపాక కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అది చెబుతుంది. అమ్మకానికి పెట్టిన కారులో అక్కడ పది, ఇరవై కిలోమీటర్లు అని ఉంటే, నిన్నో మొన్నో ఎందుకు చెరపాల్సి వచ్చిందని అడగాలి. కొత్త బ్యాటరీ వేసినా కొన్ని కార్లలో ఈ లెక్క సున్నాకు వస్తుంది. కాబట్టి దాన్నే నేరంగా చూడకుండా, బ్యాటరీ బిల్లు ఉందేమో అడిగితే సరిపోతుంది. మా చెల్లి కారులో ఆ అంకె నాలుగు వేల కిలోమీటర్లకు దగ్గరగా ఉంది. ఇంజిన్ వరకు ఎవరూ ఏమీ దాచలేదన్నమాట.

ఫొటో పంపేటప్పుడు ఏం రాయాలి?

మీటర్ ఫొటోను మెకానిక్‌కో, తెలిసినవాళ్లకో పంపేటప్పుడు దానితో పాటు కొన్ని వివరాలు చెబితే సగం ప్రశ్నలు తగ్గుతాయి. ఇంజిన్ తిరుగుతోందా, తాళం మాత్రమే తిప్పారా? లైటు నిలకడగా ఉందా, మెరుస్తోందా? ఎప్పుడు వెలిగింది, స్టార్ట్ చేసినప్పుడా, నడుస్తుండగానా? ఆర్‌పీఎం ముల్లు కూడా ఫొటోలో పడాలి. వీలైతే ఫొటో కన్నా, తాళం తిప్పక ముందు నుంచి ఇంజిన్ స్టార్ట్ అయ్యేదాకా తీసిన అర నిమిషం వీడియో మేలు. రోడ్డు మీద ఎర్ర లైటు వెలిగితే మాత్రం ముందు బండి ఆపి ఇంజిన్ ఆర్పాలి, ఫొటో సంగతి తర్వాత.

మా చెల్లి ఇప్పుడు డ్యూటీకి వెళ్లే ముందు తాళం తిప్పి, వెంటనే స్టార్ట్ చేయకుండా ఆగుతోంది. ఏబీఎస్ గుర్తు ఆరాక, ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఆరేదాకా చూసి అప్పుడు స్టార్ట్ చేస్తోంది. దానికి పట్టేది ఐదారు సెకన్లే. మొన్న ఒక సహోద్యోగి సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్తుంటే తోడు వెళ్లిందట. అమ్మే ఆయన అప్పటికే ఇంజిన్ ఆన్ చేసి పెట్టాడు. ‘‘ఒకసారి ఆపండి, నేను మళ్లీ తాళం తిప్పుతాను’’ అని అడిగానని చెప్పింది.